పాత రిజిస్టర్ల స్కానింగ్ పని బయటి సంస్థకు ఇచ్చేటప్పుడు పని పత్రంలో ఏమి రాయాలి?

ప్రశ్న: మాది 1968లో మొదలైన డిగ్రీ కళాశాల. 80 పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయి. అందులో సుమారు 12,000 పేజీలు, 60,000 మంది విద్యార్థుల వివరాలు. వీటిని స్కాన్ చేసి, వివరాలు టైపు చేసి ఇవ్వడానికి ఒక చిన్న సంస్థ పేజీకి రూ.10, విద్యార్థి వరుసకు రూ.6 చొప్పున మొత్తం రూ.4.8 లక్షలు, పైన జీఎస్టీ అడిగింది. 40 శాతం ముందు, 60 శాతం పని పూర్తయ్యాక ఇవ్వాలట. ఖచ్చితత్వం 99 శాతం అని రాశారు. ఈ పత్రంపై సంతకం చేయవచ్చా? అప్పగించాల్సినవి, అంగీకార నిబంధనలు, చెల్లింపు దశలు ఎలా రాయాలి?

సమాధానం:

ఇప్పుడున్న రూపంలో సంతకం చేయకండి. ధర గురించి నాకు పేచీ లేదు. ఆ పత్రంలో మూడు మాటలకు అర్థం లేదు: పేజీ, 99 శాతం, పని పూర్తయ్యాక. ఈ మూడింటికీ అర్థం రాసి, పనిని పది విడతలుగా కోసి, ఒక్కొక్క విడతను మీరు పరీక్షించి అంగీకరించాకే దాని డబ్బు ఇచ్చేలా మార్చండి. ముందస్తు సొమ్ము 10 శాతం దాటనివ్వకండి.

నేను పదహారేళ్లుగా ఆసుపత్రులకు, విద్యాసంస్థలకు ఇలాంటి పనుల పత్రాలు రాస్తున్నాను. అంతకుముందు నాలుగేళ్లు స్కానింగ్ చేసే సంస్థ వైపున పనిచేశాను. రెండు వైపులా చూశాను కాబట్టి చెబుతున్నాను: తగాదాలు చాలావరకు దురుద్దేశంతో రావు. ఒకే మాటను ఇద్దరూ రెండు రకాలుగా అర్థం చేసుకోవడం వల్ల వస్తాయి.

పేజీతో మొదలుపెడదాం. అడ్మిషన్ రిజిస్టరు విప్పితే ఒక విద్యార్థి వరుస ఎడమ పేజీలో మొదలై కుడి పేజీలో ముగుస్తుంది. మీ లెక్కలు చూస్తే మీవీ అలాగే ఉన్నట్టున్నాయి. అలాంటి రిజిస్టరును పైనుంచి ఫొటో తీసే స్కానర్ కింద విప్పి పెట్టి, రెండు పేజీలనూ ఒకే బొమ్మగా తీస్తారు. అలా తీయడమే సరైనది, లేకపోతే వరుస రెండు ముక్కలవుతుంది. అప్పుడు మీకు వచ్చేవి 12,000 బొమ్మలు కావు, 6,000. బిల్లు దేనికి? పేజీకి పదిరూపాయలు అంటే లక్షా ఇరవై వేలు, బొమ్మకు పదిరూపాయలు అంటే అరవై వేలు. ఇద్దరూ నిజాయితీగానే వేర్వేరు అంకెలు చెబుతారు. అందుకే పత్రంలో ఇలా రాయండి: «కొలత ప్రమాణం విప్పిన జంట పేజీ. ధర రూ.20. వరుసలు ఏమీ లేని జంట పేజీని కూడా స్కాన్ చేయాలి, దానికీ ధర చెల్లుతుంది.» ఖాళీ పేజీకి డబ్బు ఎందుకని మీ ట్రస్టు సభ్యులు అడుగుతారు. ఖాళీవి వదిలేయమంటే, ఏది ఖాళీ అని నిర్ణయించే అధికారం స్కానర్ దగ్గర కూర్చున్న కుర్రవాడికి ఇచ్చినట్టే. పెన్సిలుతో రాసిన టీసీ వివరం ఉన్న పేజీ అతనికి ఖాళీగా కనిపించవచ్చు.

ఇక 99 శాతం. దేనిలో 99 శాతం అన్నది రాయకపోతే ఆ అంకెకు విలువ లేదు. మీ వరుసలో ఎనిమిది గడులు ఉన్నాయనుకుందాం: అడ్మిషన్ సంఖ్య, పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ, చేరిన తేదీ, కోర్సు, వదిలిన తేదీ, టీసీ సంఖ్య. ప్రతి గడీ నూటికి 99 సార్లు సరిగా ఉంటే, ఎనిమిదీ సరిగా ఉన్న వరుసలు నూటికి 92 మాత్రమే. అదే అక్షరాల లెక్కలో 99 శాతం అయితే, వరుసకు 80 అక్షరాలు ఉంటాయనుకుంటే, ఒక్క తప్పూ లేని వరుసలు నూటికి 45 కూడా ఉండవు. 60,000 మందిలో ముప్పై మూడు వేల మంది వివరాల్లో ఏదో ఒక తప్పు ఉంటుంది. అయినా సంస్థ తన మాట నిలబెట్టుకున్నట్టే లెక్క! ఒక ఆసుపత్రి పాత కేసుల రిజిస్టర్ల పనిలో సరిగ్గా ఇదే జరిగింది. ఆసుపత్రి వాళ్లు వరుసలు లెక్కపెట్టి కోపగించారు, సంస్థ అక్షరాలు లెక్కపెట్టి చూపించింది. పత్రంలో ఉన్నది «99 శాతం ఖచ్చితత్వం» అన్న రెండు మాటలే. చివరకు ఆసుపత్రే మరో డబ్బు పెట్టి మళ్లీ టైపు చేయించుకుంది.

కాబట్టి అంగీకారం వరుసల లెక్కలో ఉండాలి. దానికి ముందు మరో విషయం తేల్చుకోవాలి: కొన్నింటిని నమూనా తీసి చూడవచ్చు, కొన్నింటిని పూర్తిగా లెక్కపెట్టాల్సిందే.

పేజీ తప్పిపోవడం రెండో రకం. రెండు కాగితాలు అతుక్కుపోయి ఒకేసారి తిరిగిపోతాయి. నమూనాలో తీసిన బొమ్మలన్నీ అద్భుతంగా ఉంటాయి, తప్పిపోయిన పేజీ నమూనాలోకి రానే రాదు, ఎందుకంటే అది లేదు. ఒక సంస్థలో స్కానింగు అయిన రెండేళ్లకు ఒక పూర్వ విద్యార్థిని ధ్రువపత్రం కోసం వస్తే, ఆమె ఉన్న పేజీతో పాటు ఆ రిజిస్టరులో పదకొండు జంట పేజీలు లేవని తేలింది. మూల రిజిస్టర్లు అప్పటికే గోదాములో చెద పట్టాయి. ఆ పనిని అంగీకరిస్తూ సంతకం చేసిన కమిటీలో నేనూ ఉన్నాను. బొమ్మల నాణ్యత చూశాం, లెక్క చూడలేదు. అప్పటి నుంచి నేను రాసే ప్రతి పత్రంలో మొదటి అంగీకార నిబంధన ఇదే: స్కానింగుకు ఇచ్చే ముందు మీ మనిషి ప్రతి రిజిస్టరులో జంట పేజీలు లెక్కపెట్టి, పేజీ సంఖ్యలు లేకపోతే పెన్సిలుతో వేసి, ఒక జాబితాలో రాస్తారు. సంస్థ మనిషి ఆ జాబితాపై సంతకం చేసి రిజిస్టరు తీసుకుంటారు. తిరిగి వచ్చిన బొమ్మల సంఖ్య ఆ జాబితాతో ఒక్కటి కూడా తేడా లేకుండా కలవాలి. కలవకపోతే మిగతా పరీక్షల జోలికి వెళ్లకుండానే ఆ విడత తిరస్కరణ. 80 రిజిస్టర్లు లెక్కపెట్టడం మీ గుమాస్తాకు ఒక వారం పని. ఆ వారాన్ని తప్పించుకోవద్దు.

అడ్మిషన్ సంఖ్యనూ, పుట్టిన తేదీనీ కూడా నమూనాకు వదలకండి. ఈ రెండు గడులను ఇద్దరు వేర్వేరు వ్యక్తులు విడివిడిగా టైపు చేయాలనీ, రెండింటినీ కంప్యూటరులో పోల్చి తేడా వచ్చినచోట మూడో వ్యక్తి మూల పేజీ చూసి తేల్చాలనీ రాయండి. ఆ తేడాల పట్టికను కూడా అప్పగించాల్సిన వాటిలో చేర్చండి, లేకపోతే రెండోసారి టైపు చేశారో లేదో మీకు తెలిసే దారి లేదు. నాలుగైదు వేల వరుసల్లో ఒక్క తేడా కూడా లేని పట్టిక వస్తే అనుమానించండి. మనుషులు టైపు చేస్తే అలా రాదు.

మిగతా ఆరు గడులకు నమూనా పరీక్ష సరిపోతుంది. దీనికి కొత్త సూత్రం కనిపెట్టనక్కర్లేదు. ఐఎస్‌ఓ 2859-1 అనే ప్రమాణంలో పట్టికలు ఉన్నాయి, మన దేశంలో దానికి సరిసమానమైనది ఐఎస్ 2500 మొదటి భాగం. 60,000 వరుసలను పదికి పంచితే విడతకు ఎనిమిది రిజిస్టర్లు, సుమారు 6,000 వరుసలు. 3,201 నుంచి 10,000 వరకు ఉన్న విడతకు సాధారణ తనిఖీలో ఆ పట్టిక చెప్పే నమూనా 200. అంగీకార నాణ్యత స్థాయి, అంటే ఓర్చుకోగల తప్పు వరుసల వాటా, 1 శాతం అని పెట్టుకుంటే, 200 వరుసల్లో తప్పున్నవి 5 దాకా ఉంటే అంగీకారం, 6 అయితే తిరస్కరణ. ఒక వరుసలో ఎన్ని తప్పులున్నా అది ఒక తప్పు వరుసే.

ఈ పరీక్ష పరిమితి కూడా తెలుసుకోండి. విడతలో నిజంగా నూటికి ఒక వరుస తప్పుగా ఉంటే అది దాదాపు ఎప్పుడూ గట్టెక్కుతుంది. నూటికి ఐదు తప్పులున్న విడత వందసార్లలో ఆరుసార్లే గట్టెక్కుతుంది. కానీ నూటికి రెండున్నర తప్పులున్న విడత సగం కంటే ఎక్కువసార్లు దాటిపోతుంది. అందుకే ప్రాణప్రదమైన రెండు గడులను ఈ పరీక్షకు వదలవద్దన్నాను. 200 వరుసల సంఖ్యలను మీరే కంప్యూటరులో యాదృచ్ఛికంగా ఎంచుకోవాలి, విడత అందాకే ఎంచుకోవాలి. మొదటి రిజిస్టరులో మొదటి ఇరవై పేజీలు చూసి సరిపెట్టుకునే అలవాటు అన్ని కార్యాలయాల్లోనూ ఉంది. సంస్థకూ అది తెలుసు.

తప్పు అంటే ఏమిటో కూడా రాయాలి. నేను పెట్టే నియమం: ఉన్నది ఉన్నట్టు. రిజిస్టరులో «వెంకటేశ్వర రావు» అని విడిగా ఉంటే విడిగానే, ఇంటిపేరు ఒక్క అక్షరంగా ఉంటే ఒక్క అక్షరంగానే టైపు చేయాలి. గుమాస్తా నాడు తప్పు రాసినా సరిదిద్దే హక్కు టైపు చేసేవారికి లేదు. చదవలేనిచోట ఊహించకుండా `[?]` అని పెట్టాలి. అది తప్పుగా లెక్కకు రాదు, కానీ అలాంటి వరుసల జాబితా విడిగా ఇవ్వాలి. మీ వైపు చదవగలిగిన పెద్దలు ఎవరైనా ఉంటే రెండు పనిదినాల్లో తేల్చి చెప్పాలి. తేదీ ఒకే రూపంలో ఉండాలి. ఒక నమూనా వరుసనూ, ఫైలు పేరునూ పత్రానికి జతచేస్తే పది వాక్యాల వివరణ తప్పుతుంది. ఇక్కడ నాలుగు గడులే చూపిస్తున్నాను:

```
ADM_1974_R03_P0127.tif
1974/0412 | 1956-06-03 | [?] | BSc
```

బొమ్మల నాణ్యతకు పెద్ద వివరణ అక్కర్లేదు. 300 డీపీఐ, రంగుల్లో, భద్రపరిచే ప్రతి టిఫ్ రూపంలో, రోజువారీ వాడకానికి పీడీఎఫ్. కుట్టు దగ్గర లోపలికి వెళ్లిన అక్షరాలు కనిపించాలి, నాలుగు అంచులూ కనిపించాలి. రిజిస్టరు కుట్టు విప్పకూడదు. నమూనాలోని 200 వరుసల బొమ్మలను తెరపై అసలు పరిమాణంలో చూస్తే ఇది అందులోనే తేలిపోతుంది.

తిరస్కరించాక ఏమవుతుందన్నది చాలామంది రాయరు. నేను చూసిన పత్రాల్లో ఎక్కువగా తెగిపోయే చోటు ఇదే. మీరు 200 వరుసలు చూసి 9 తప్పు వరుసలు పట్టారు, జాబితా పంపారు. మర్నాడే ఆ తొమ్మిదీ దిద్ది విడతను తిరిగి పంపుతారు. మీరు చూసిన 200 ఇప్పుడు శుభ్రంగా ఉన్నాయి, చూడని 5,800 అలాగే ఉన్నాయి! అందుకే ఇలా ఉండాలి: «తిరస్కరించిన విడతలోని అన్ని వరుసలనూ సంస్థ తన ఖర్చుతో తిరిగి సరిచూడాలి. మళ్లీ అందిన విడత నుంచి కళాశాల కొత్త నమూనా తీస్తుంది. ఒకే విడత మూడోసారి తిరస్కరణకు గురైతే, అప్పటివరకు అంగీకరించిన విడతల డబ్బు చెల్లించి ఒప్పందం ముగించే హక్కు కళాశాలకు ఉంటుంది.» నేనైతే పట్టిన తప్పుల్లో సగమే సంస్థకు చెబుతాను, మిగతా సగం వాళ్లు వెతికి దిద్దారా లేదా అని రెండోసారి చూస్తాను. సరిచూశారో లేదో దానితో తేలిపోతుంది.

ఇప్పుడు డబ్బు. మీ అంకెలతోనే చేసి చూపిస్తాను. విడతకు 600 జంట పేజీలు ఇరవై చొప్పున 12,000. 6,000 వరుసలు ఆరు చొప్పున 36,000. మొత్తం 48,000, పది విడతలకు 4,80,000. చిన్న సంస్థ స్కానరు మీ ప్రాంగణానికి తెచ్చి, మనుషులను పెట్టుకోవాలి కాబట్టి ముందస్తు అడగడం న్యాయమే. కానీ 40 శాతం కాదు. 10 శాతం, అంటే 48,000, అదీ సంతకం రోజున కాకుండా స్కానరు మీ గదిలో అమర్చి, ఒక పరీక్ష రిజిస్టరును రెండువైపులా ఒప్పుకున్న రోజున. ఆ పరీక్షకు మీ దగ్గరున్న అన్నింటికంటే పాడైన రిజిస్టరు ఇవ్వండి. ఈ ముందస్తును పది విడతల్లో 4,800 చొప్పున మినహాయించుకోవాలి.

చివరికి మరో 10 శాతం ఉంచుకోవాలి, ఎందుకంటే పది విడతలు విడివిడిగా బాగున్నా కలిపినప్పుడు బయటపడే తప్పులుంటాయి: ఒకే అడ్మిషన్ సంఖ్య రెండుసార్లు రావడం, ఒక సంవత్సరంలో వరుస సంఖ్యల మధ్య ఖాళీలు. దీన్ని «నిలుపుదల సొమ్ము» అని రాయకుండా, చివరి అప్పగింత అనే ప్రత్యేక పనికి ధరగా 48,000 అని రాయడం నా పద్ధతి. అప్పుడు విడత ధర 43,200 అవుతుంది, ముందస్తు మినహాయిస్తే చేతికి వచ్చేది 38,400. పది విడతలకు 3,84,000, ముందస్తు 48,000, చివరిది 48,000. కూడితే మళ్లీ 4,80,000.

ఇలా రాయడానికి కారణం ఉంది. ఆ సంస్థ సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమగా నమోదై ఉందేమో అడగండి. ఉంటే 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం 15వ సెక్షన్ వర్తిస్తుంది. ఒప్పందంలో ఏ గడువు రాసుకున్నా, అంగీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చొప్పున, నెలనెలా చక్రవడ్డీ. పని అందాక 15 రోజుల్లో మీరు రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే చట్టం దృష్టిలో అంగీకరించినట్టే. అంగీకరించిన విడతలోంచి డబ్బు ఆరు నెలలు పట్టి ఉంచుకుంటే అక్కడ చిక్కు వస్తుంది. వేరే పనికి వేరే ధర, దానికి వేరే అంగీకారం ఉంటే లెక్క స్పష్టంగా ఉంటుంది. ఈ భాగం, పన్ను కోత సంగతి మీ ఆడిటరుకు ఒకసారి చూపించండి.

ఆ 15 రోజులను దృష్టిలో పెట్టుకుని మీ పరీక్షకు 10 పనిదినాలు అని రాయండి. వరుసకు నిమిషంన్నర చొప్పున 200 వరుసలకు ఐదు గంటలు, ఒక మనిషి ఒక రోజు పని. అయినా జరగదు, పరీక్షల కాలం వస్తుంది, అడ్మిషన్లు వస్తాయి. నేను పనిచేసిన ఒక విద్యాసంస్థలో మా వైపు నుంచి రెండో విడత పరీక్ష 40 రోజులు ఆగింది. ఆ సంస్థ మనుషులకు జీతాలివ్వలేక, చేయి తిరిగిన ఇద్దరు ఆపరేటర్లను మరో పనికి పంపేసింది. కొత్తవాళ్లు చేసిన మూడు, నాలుగు విడతలు తిరస్కరణకు గురయ్యాయి. తప్పు మాది. పరీక్షించే వ్యక్తి పేరు, ఆయన లేనప్పుడు చేసే మరొకరి పేరు పత్రంలోనే ఉండాలని అప్పుడు నేర్చుకున్నాను. ఒక విడత మీ దగ్గర పరీక్షలో ఉండగా సంస్థ మరొక్క విడత మాత్రమే ముందుకు చేయవచ్చని కూడా రాయండి, లేకపోతే ఒకే రకం తప్పు ఐదు విడతల్లో పేరుకుపోతుంది.

చివరి అప్పగింతలో ఏమేమి ఉండాలంటే: పది విడతలను కలిపిన ఒకే పట్టిక, రెండు వేర్వేరు హార్డ్ డిస్కుల్లో మొత్తం బొమ్మలు, రిజిస్టర్లన్నీ లెక్క ప్రకారం వెనక్కి, సంస్థ తన కంప్యూటర్లలోని ప్రతులను చెరిపేసినట్టు సంతకంతో లేఖ. చివరిదాన్ని లాంఛనంగా చూడకండి. అరవై వేల మంది పుట్టిన తేదీలు, తండ్రి పేర్లు అవి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ప్రకారం పని ఎవరిచేత చేయించినా బాధ్యత సమాచారం సేకరించిన సంస్థదే, అంటే మీదే. అందుకే పని మీ ప్రాంగణంలోనే జరగాలనీ, ఆ గదిలోని కంప్యూటర్లకు ఇంటర్నెట్ ఉండకూడదనీ అడగండి. డిస్కులు అందగానే రెండింటి నుంచీ ఏదైనా ఒక రిజిస్టరు మీ కంప్యూటరులో తెరిచి చూశాకే సంతకం పెట్టండి.

పేజీల సంఖ్య సుమారు అన్నారు కాబట్టి బిల్లు అసలు లెక్క ప్రకారం, కానీ మొత్తం రూ.5.28 లక్షలు దాటాల్సి వస్తే ముందే మీ రాతపూర్వక అనుమతి కావాలని చేర్చండి. ఈ అంకెలన్నీ జీఎస్టీ కాకుండా అని కూడా రాయండి.

ఒక విషయం మీ ప్రశ్నలో లేదు. పాత రిజిస్టర్లలో పేర్లు ఇంగ్లీషులో ఉన్నాయా, తెలుగులోనా? తెలుగులో ఉండి, మీకు రెండు భాషల్లోనూ కావాలంటే, ఇంగ్లీషు రూపం ఎవరు నిర్ణయిస్తారన్నది విడిగా తేల్చాలి. అది «ఉన్నది ఉన్నట్టు» నియమం కిందికి రాదు, వరుస ధరా మారుతుంది. ఒక పేజీ ఎలా ఉంటుందో, పేర్లు కప్పి, ఇక్కడ పెడితే ఆ నిబంధన కూడా రాసి ఇస్తాను.